స్లైడ్లు అడిగారు, ఇంకేమీ చెప్పలేదు

"భీమవరంలో రొయ్యల మేత ఆఫీసులో పని. 'శనివారం మీటింగ్‌కి ఆక్వా మీద స్లైడ్లు చేసి పెట్టు' అని మేనేజర్ గారు అన్నారు. రెండుసార్లు చేశాను, రెండూ తిప్పి పంపారు. ఏం చేయాలి?"

మీ స్లైడ్లలో లోపం ఉండకపోవచ్చండి. విషయం, వినేవాళ్లు, సమయం, స్లైడ్ల సంఖ్య ఏవీ తేలకుండానే పని మొదలైంది. "ఆక్వా" అంటే మేత ధరలూ కావచ్చు, తెల్లమచ్చ తెగులూ కావచ్చు.

1. ముందు సమయం అడగండి. స్లైడ్ల సంఖ్య దాన్నిబట్టే తేలుతుంది. 20 నిమిషాలు ఇస్తే, రైతులు మధ్యలోనే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి 6 నిమిషాలు వాళ్లకు వదిలేయండి. మిగిలిన 14కి, స్లైడుకి 2 నిమిషాల లెక్కన 7 చాలు. డీలర్ల మీటింగ్ అయితే ఈ లెక్క మారుతుంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది. "వివరాలు చెప్పండి సార్" అని ఖాళీ ప్రశ్న పంపితే పని ఒత్తిడిలో ఉన్న మనిషి "నువ్వే చూసుకో" అంటారు. మీ ఊహ నింపి పంపండి, తప్పుంటే వెంటనే దిద్దుతారు:

"సార్, శనివారం వనామీ రైతులకు, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోవడం, ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలి అన్న దాని మీద, 20 నిమిషాలకు 7 స్లైడ్లు అనుకుంటున్నాను. తేడా ఉంటే చెప్పండి."

3. జవాబు వచ్చాక 7 శీర్షికలు మాత్రమే రాసి వాట్సాప్‌లో చూపించండి. ఆయన సరే అన్నాకే ఫొటోలు, గ్రాఫులు పెట్టండి.

వినేది రైతులే అయితే అక్షరాలు పెద్దవిగా, తెలుగులో ఉండాలి. వెనక వరుసలో కూర్చున్న పెద్దాయనకు కూడా కనపడాలి కదా.