గోదాం నిండటానికి కారణం సిబ్బంది కాదు, ధర

ప్రశ్న: సార్, ఈసారి మద్దతు ధర పెంచారు కదా అని విస్తీర్ణం పెంచాను. 100 బస్తాలు తీసుకెళ్తే 40 కొని, గోదాం నిండిందన్నారు. ఇది సిబ్బంది అలసత్వమే అనుకుంటున్నాను. మిగతా 60 బస్తాలు ఇంట్లో ఒక గదిలో పెట్టి మాత్రలు వేసి ఉంచమని, వచ్చే సీజన్‌కి ఇంకో రెండెకరాలు ఇదే పంట పెంచమని డీలర్ చెప్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మాత్రల సంగతి. మనుషులు పడుకునే ఇంట్లో అవి వద్దు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ పురుగునీ మనిషినీ తేడా చూడదు. తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి పాకుతుంది. శిక్షణ ఉన్నవాళ్లు, మనుషులు ఉండని గోదాంలో వాడాల్సిన మందు అది. గింజలో తేమ 12 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, శుభ్రమైన సంచుల్లో, నేలకు ఎత్తుగా చెక్కల మీద పేర్చండి.

ఇక రోగ నిర్ధారణలో మీరు పొరబడ్డారు. సిబ్బంది ఎంత చురుగ్గా ఉన్నా ఆ గోదాం నిండేదే. లెక్క సులువుగా ఉండేందుకు చిన్న అంకెలు తీసుకుందాం. ధర 20 ఉన్నప్పుడు రైతులు 100 బస్తాలు పండిస్తారు, కొనేవాళ్లు ఆ 100 కొంటారు. మద్దతు ధర 25 చేశారు. మీలాగే అందరూ విస్తీర్ణం పెంచితే 115 వస్తాయి. అదనం 15 అనుకుంటారు చాలామంది. కాదు, 25. ఎందుకంటే ధర పెరిగేసరికి కొనేవాళ్లు 90కే తగ్గుతారు. ఆ 25 బస్తాలు ప్రభుత్వమే కొనాలి, దాయాలి. వచ్చే ఏడు మళ్లీ 25.

కరువు వస్తే నిల్వ ఖర్చవుతుందిగా అంటారు. ధర 20 దగ్గరే ఉంటే అవుతుంది. పంట 20 శాతం తగ్గి 80 బస్తాలే వస్తే గోదాం నుంచి 20 తీసి అమ్ముతారు. మంచి ఏడు 120 వస్తే ఆ 20 మళ్లీ కొని నింపుతారు. బఫర్ నిల్వ పని అదే. కానీ ధర 25 దగ్గర పంట 20 శాతం పోయినా 115లో 92 మిగులుతాయి. కొనేది 90. అంటే కరువు ఏడు కూడా గోదాంలోకి రెండు బస్తాలు చేరతాయే తప్ప ఒక్కటి బయటికి రాదు. రోగం పట్టుకునే పరీక్ష కూడా ఇదే. పంట దెబ్బతిన్న ఏడాది చివర నిల్వ తగ్గిందా లేదా చూడండి. తగ్గకపోతే ఆ నిల్వ బఫర్ కాదు, మిగులు.

దీన్ని పూర్తిగా అనుభవించింది ఆస్ట్రేలియా ఉన్ని రైతులు. అక్కడ కనీస ధర పథకం 1970లలో మొదలైంది. చాలా ఏళ్లు బాగానే నడిచింది, గిరాకీ లేనప్పుడు కొని, ఉన్నప్పుడు అమ్మేవారు. 1988లో కనీస ధరను కిలోకు 870 సెంట్లు చేశారు. రైతులు గొర్రెల్ని పెంచారు, వాటి సంఖ్య సుమారు 17 కోట్లకు చేరింది. అదే సమయంలో మిల్లులు వేరే నూలు వైపు మళ్లాయి, విదేశీ కొనుగోళ్లు పడిపోయాయి. 1990లో ధరను 700కి దించినా ఆలస్యమైపోయింది. 1991 ఫిబ్రవరిలో పథకం ఎత్తేసేనాటికి దాదాపు 47 లక్షల బేళ్లు పోగుపడ్డాయి. అవి అమ్ముడుపోవడానికి 2001 దాకా పట్టింది. అన్నేళ్లూ ఆ నిల్వ మార్కెట్ నెత్తిన కూర్చునే ఉంది.

అందుకే మీ 60 బస్తాలు ధర పెరుగుతుందని పట్టుకు కూర్చోవద్దు. ధర కాస్త లేవగానే గోదాం తలుపులు తెరుస్తారని వ్యాపారులకు తెలుసు, పై ధర పెట్టరు. విత్తనానికి కావాల్సింది ఉంచుకుని మిగతాది విడతలుగా అమ్మేయండి.

రెండెకరాల విషయం. కేంద్రంలో 40 బస్తాలకు 25 వచ్చింది, బయట 60కి 16 పలికిందనుకుందాం. మీకు సగటున పడింది 19.6. మద్దతు లేనప్పటి 20 కన్నా తక్కువ! పైగా కొత్తగా పండించే ప్రతి బస్తా ఆ 16కే పోతుంది, 25కి కాదు. కాబట్టి కొత్త ఎకరం ఖర్చును 16తోనే పోల్చండి. డీలర్ 25తో లెక్క కట్టి చూపిస్తాడు. అతని లాభం మీరు వేసిన ఎకరాల మీద, అమ్మిన బస్తాల మీద కాదు. ఎరువుల బిల్లు రాసేటప్పుడు గోదాం నిండిందని అతను చెప్పడు.

ఆ రెండెకరాల్లో వేరే పంట వేయండి. ఏది వేయాలో చెప్పాలంటే మట్టి పరీక్ష ఫలితం, నీటి వసతి వివరాలు రాసి పంపండి.