నెలసరి ముందు వచ్చే మైగ్రేన్‌కు తేదీ చూసి మందు

ప్రశ్న: నా వయసు 34. నెలసరి సరిగ్గా 28 రోజులకు వస్తుంది. దానికి ముందు రోజే తలలో ఒక పక్క నొప్పి మొదలై, వాంతులతో మూడు రోజులు లేవలేకపోతున్నాను. పారాసెటమాల్‌తో తగ్గడం లేదు. కిందటిసారి మార్చి 5న నెలసరి వచ్చింది. ఈసారైనా నొప్పిని ఆపుకోగలనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు నెలసరి మైగ్రేన్‌వి లాగే ఉన్నాయి. అండం విడుదలయ్యాక కొన్ని రోజులు ఎక్కువగా ఉండే ఈస్ట్రోజన్, గర్భం రాకపోతే నెలసరికి ముందు ఒక్కసారిగా పడిపోతుంది. మైగ్రేన్ స్వభావం ఉన్న మెదడు ఆ పతనాన్ని తట్టుకోలేదు. అందుకే హార్మోన్ పరీక్షలు చేయించినా అన్నీ మామూలుగానే కనిపిస్తాయి. వాటికి డబ్బు ఖర్చు పెట్టవద్దు. దానికి బదులు నెలసరి తేదీలు, నొప్పి వచ్చిన రోజులు ఒక క్యాలెండర్‌లో రాసుకోండి. మూడు నెలల్లో కనీసం రెండుసార్లు, నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు లోపు నొప్పి మొదలైతే రోగనిర్ధారణ దాదాపు ఖాయం.

మీకు నెలసరి క్రమంగా వస్తోంది కాబట్టి నొప్పి రాకముందే మందు మొదలుపెట్టవచ్చు. మీ లెక్క ప్రకారం తర్వాతి నెలసరి ఏప్రిల్ 2న రావాలి. మార్చి 31 నుంచి ఏప్రిల్ 5 వరకు నాప్రోక్సెన్ 500 మి.గ్రా. ఉదయం, రాత్రి భోజనం తర్వాత వేసుకోవడం ఒక పద్ధతి. నెలసరి మొదలయ్యేటప్పుడు గర్భాశయ పొర నుంచి వెలువడే ప్రోస్టాగ్లాండిన్లు కూడా తలనొప్పిని పెంచుతాయి. ఈ మందు వాటిని అడ్డుకుంటుంది, కడుపునొప్పి కూడా తగ్గుతుంది. అయితే అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవారికి, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి ఇది తగకపోవచ్చు. మీ డాక్టర్‌కు ఇవన్నీ చెప్పాకే మొదలుపెట్టండి. పూజకో పెళ్లికో నెలసరిని వాయిదా వేసే మాత్రలు వాడితే ఆ నెల ఈ లెక్క పనికిరాదు.

అయినా నొప్పి వస్తే, అది ముదరక ముందే సుమాట్రిప్టాన్ వంటి మందు వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మాత్ర సరిగా ఒంటబట్టదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు ట్రిప్టాన్లు వాడకూడదు. ఎవరైనా నెలకు 10 రోజులు, అంతకు మించి వాడితే ఆ మందే తలనొప్పికి కారణమవుతుంది. ఈస్ట్రోజన్ జెల్ కూడా ఉంది గానీ, ఆపగానే కొందరిలో నొప్పి తిరగబెడుతుంది. అందుకే నేను మొదట దాని జోలికి వెళ్లను.

ఒక్క సంగతి మాత్రం దాచకుండా చెప్పండి: నొప్పికి ముందు కళ్లెదుట మెరుపు గీతలు కనిపించడం, చేయి తిమ్మిరెక్కడం, మాట తడబడడం ఎప్పుడైనా జరిగిందా? అలాంటివారికి ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఈ లక్షణాలు మొదటిసారి కనిపించినా, ఎన్నడూ లేనంత తీవ్రంగా హఠాత్తుగా నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.