మూడో సలహా పాటించలేదని సార్‌కి ఎలా రాయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయ్యాక, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక సార్ నాకు మూడు సలహాలు చెప్పారు. రెండు చేశాను. డిప్లొమాలో మాత్రం చేరలేకపోయాను. థాంక్స్ చెప్పాలని ఉంది, కానీ ముఖం చెల్లక ఆగిపోతున్నాను. తెలుగు రాయడం కూడా సరిగా రాదు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ మూడోదాని గురించి దాచకుండా రాయండి అమ్మా. మీరేమీ చెప్పకపోతే, చేరిపోయారనే సార్ అనుకుంటారు. రేపు ఎవరితోనైనా మీ గురించి మాట్లాడితే, 'డిప్లొమా రెండో ఏడాదిలో ఉంది' అని నమ్మకంగా చెప్పేస్తారు. అది నిజం కాదని తెలిసిన రోజున ఇబ్బంది ఆయనకే.

భాష సంగతికి టెన్షన్ వద్దు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివిన పిల్లలు మన వైపు ఎంతోమంది. సార్‌కి ఒడియా చదవడం వస్తే ఒడియాలోనే రాయండి. రాకపోతే మీరు చెబుతుంటే తెలుగు వచ్చిన వాళ్లెవరైనా రాసిపెడతారు. వాయిస్ మెసేజ్ కంటే రాసిందే మేలు, ఆయన మళ్లీ తీసి చూసుకోగలరు.

ఇలా రాస్తే చాలు:

'సార్, నమస్కారం. మార్చిలో అమ్మతో కలిసి మీ ఇంటికి వచ్చిన ఐటీఐ అమ్మాయిని. మీరు చెప్పినట్టే apprenticeshipindia.gov.in లో పేరు నమోదు చేసుకున్నాను. నాలుగు చోట్ల అప్లై చేస్తే బరంపురంలో ఒకచోట తీసుకున్నారు. జులై నుంచి ఏడాది అప్రెంటిస్‌షిప్. మోటార్ వైండింగ్ నేర్చుకోమన్నారు కదా, అక్కడ రోజూ అదే చేస్తున్నాను. డిప్లొమాలో లాటరల్ ఎంట్రీకి మాత్రం వెళ్లలేదు. నాన్నగారికి ఒంట్లో బాగోలేక ఈ ఏడాది నా స్టైపెండ్ ఇంటికి అవసరమైంది. అప్రెంటిస్‌షిప్ అయ్యాక దాని గురించి మళ్లీ ఆలోచిస్తాను. మీరు ఆ రోజు గంటసేపు కూర్చోబెట్టి చెప్పకపోతే నాకు ఈ పోర్టల్ ఉందనే తెలిసేది కాదు. థాంక్స్ సార్.'

మొదట్లో మీరెవరో గుర్తుచేసే వాక్యం తీసెయ్యకండి. ఆయన దగ్గరికి చాలామంది వస్తుంటారు. 'మీరు దేవుడు సార్' అని పేజీ నింపినా, మీరేం చేశారో ఆయనకి తెలియదు. 'పోర్టల్ ఉందనే తెలిసేది కాదు' అన్న ఒక్క మాటతో, తను చెప్పినవాటిలో ఏది పనికొచ్చిందో తెలుస్తుంది. తర్వాత వచ్చే పిల్లలకి ఆయన ఆ మాట ముందు చెప్పగలరు. డిప్లొమా విషయంలో కారణం ఒక్క వాక్యం చాలు. క్షమాపణలు పొడిగిస్తే ఆయనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

తమ్ముడికి పని చూడమనో, ఎవరికైనా రికమెండ్ చెయ్యమనో ఇందులో కలపకండి. అలా కలిపితే థాంక్స్ అంతా ఆ అడగడం కోసమే రాసినట్టుంటుంది. అవసరమైతే కొన్నాళ్లు ఆగి విడిగా అడగండి.

ఈ వారమే పంపండి. మళ్లీ రాయాల్సింది అప్రెంటిస్ పరీక్ష ఫలితం వచ్చాకే. అది పాసైనా, తప్పినా రాయండి.