టీవీకి ట్యాబ్ కాస్ట్ చేయాలా, మొత్తం స్క్రీనా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ని టీవీకి కాస్ట్ చేస్తే నా వాట్సాప్ మెసేజ్‌లు కూడా అందరికీ కనిపిస్తాయా?

క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచిన ఒక్క ట్యాబ్ మాత్రమే కాస్ట్ చేస్తే కనిపించవు, మొత్తం స్క్రీన్ కాస్ట్ చేస్తే కనిపిస్తాయి. ట్యాబ్ ఎంచుకున్నప్పుడు క్రోమ్ ఆ ఒక్క పేజీ బొమ్మనూ శబ్దాన్నీ మాత్రమే వైఫైలో టీవీకి పంపుతుంది. స్క్రీన్ ఎంచుకుంటే పైకి వచ్చే నోటిఫికేషన్లతో సహా ల్యాప్‌టాప్‌లో కనబడేదంతా వెళ్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో ఒకరు ఇంటికొచ్చిన చుట్టాలకి పెళ్లి ఫొటోలు చూపించాలనుకున్నారు అనుకుందాం. ఫొటోలున్న ట్యాబ్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి, "Cast, save, and share" లో Cast నొక్కి, Sources లో Cast tab ఎంచుకుని, టీవీ పేరు మీద నొక్కాలి. ఆ తర్వాత పక్క ట్యాబ్‌లో వాట్సాప్ చూసుకున్నా టీవీలో ఫొటోలే ఉంటాయి. అదే ట్యాబ్‌లో వేరే సైట్ తెరిస్తే మాత్రం అదీ టీవీలోకి వెళ్తుంది, ఇక్కడే జాగ్రత్త. టీవీ పేరు రాకపోతే రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో ముందు చూడండి.

కాస్ట్ మొదలయ్యాక ల్యాప్‌టాప్ మూసేయొచ్చని చాలామంది అనుకుంటారు. అది యూట్యూబ్ ప్లేయర్‌లోనే ఉండే కాస్ట్ గుర్తు నొక్కినప్పటి మాట, అప్పుడు టీవీయే నేరుగా వీడియో తెచ్చుకుంటుంది. ట్యాబ్‌ని పంపేది ల్యాప్‌టాపే కాబట్టి అది నిద్రలోకి వెళ్తే టీవీలో బొమ్మ ఆగిపోతుంది.