మినిట్స్‌లో "చర్చించాం" అంటే చాలదు

"మేనేజ్‌మెంట్ రివ్యూ మినిట్స్‌లో ఇన్‌పుట్లన్నీ రాశాం. అయినా ఆడిటర్ నాన్‌కన్ఫార్మిటీ ఇచ్చారు. ఎందుకండీ?"

ప్రతి అంశం పక్కనా "చర్చించాం" అని మాత్రమే రాసి ఉంటారని నా అనుమానం. ఐఎస్ఓ 9001లో క్లాజు 9.3.2 ఇన్‌పుట్ల గురించి. 9.3.3 అడిగేది నిర్ణయాలు: మెరుగుదల, వ్యవస్థలో మార్పులు, వనరుల అవసరం.

ఉదాహరణకు ఫిర్యాదులు 4 నుంచి 11కి పెరిగాయి, వాటిలో 7 కొలతల తేడాలే అనుకుందాం. అప్పుడు ఇలా రాయండి: "కారణం: గేజ్‌ల కాలిబ్రేషన్ ఆలస్యం. నిర్ణయం: కాలిబ్రేషన్ ఇకపై ఆరు నెలలకోసారి. వనరు: అదనపు గేజ్‌ల కొనుగోలుకు ఎండీ ఆమోదం. బాధ్యత: క్వాలిటీ మేనేజర్, జూన్ 30లోగా." మార్పు అక్కర్లేని చోట ఆ మాటే రాయండి, ఖాళీ వదలొద్దు.

టెన్షన్‌లో పాత మినిట్స్ మాత్రం దిద్దకండి. మళ్లీ కూర్చుని, కొత్త తేదీతో అనుబంధం నమోదు చేయండి. వచ్చే రివ్యూలో ఈ నిర్ణయాలు ఎంతవరకు వచ్చాయన్నదే మొదటి ఇన్‌పుట్.