మూసేసే దుకాణం బ్యానరు మీద ఏం రాయాలి: పెదనాన్న ఉత్తరం

చెన్నై

చిరంజీవి సుధకు,

బెంగళూరు మల్లేశ్వరంలో నీ చెప్పుల దుకాణం మూసేస్తున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. అయినా అప్పు మెడకు చుట్టుకోకముందే లెక్క చూసుకుని నిర్ణయానికి వచ్చావు. ఆ ధైర్యం నాకు నీ వయసులో లేదు.

నువ్వు ఫోనులో పంపిన ప్రకటన చదివాను. 'అనుకోని కారణాల వల్ల దుకాణం మూసివేత. అన్ని సైజులూ. 70 శాతం వరకు తగ్గింపు. స్టాక్ ఉన్నంత వరకే.' ఇందులో ఒక్క వాక్యం కూడా ఉంచవద్దు.

ముందు కారణం సంగతి. 2006లో ఇక్కడ పురసవాక్కంలో నా చెప్పుల దుకాణం మూసేటప్పుడు అమ్మకాలు పడిపోయాయని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. 'ఇంటి యజమాని ఖాళీ చేయమన్నందున' అని బ్యానరు కట్టించాను. జనం జాలిపడి కొన్నారు, మూడు రోజుల్లో సగం సరుకు పోయింది. నాలుగో రోజు పొద్దున యజమాని వచ్చారు. పెద్దాయన. రెండేళ్లుగా అద్దె పెంచని మనిషి. కళ్లద్దాలు సవరించుకుని బ్యానరు పైనుంచి కిందదాకా చదివి, 'నేనెప్పుడు ఖాళీ చేయమన్నాను నాయనా?' అని అడిగారు. వీధిలో ఇద్దరు ముగ్గురు అప్పటికే ఆయనను నిలదీశారట. నేను నోరు మెదపలేకపోయాను. కత్తెర తీసుకుని ఆ ఒక్క వరుసా కత్తిరించేశాను. మిగిలిన నెలంతా ఆ బ్యానరు మధ్య పలకంత కంత, అందులోంచి వీధి కనిపించేది. ఆయన అడ్వాన్సు రూపాయి తగ్గకుండా నా చేతిలో లెక్కపెట్టి ఇచ్చారు. కానీ అద్దెకున్నవాళ్లను వెళ్లగొడతాడన్న మాట అప్పటికే పాకిపోయింది. ఆ గది అయిదు నెలలు ఖాళీగా ఉంది. ఆ అయిదు నెలల అద్దె నా అబద్ధం తినేసింది. తల్లీ, నువ్వు ఆ స్థితిలో నిలబడకూడదు.

అందుకని 'అద్దెకు తగ్గ అమ్మకం లేదు' అని ఉన్నదున్నట్టు రాయి. అయితే బ్యానరు కట్టకముందే సరుకు ఇచ్చినవాళ్లకు నువ్వే ఫోను చేసి, ఎవరికి ఏ తేదీన ఎంత ఇస్తావో చెప్పు. వాళ్లకు ఈ మాట వీధిలోంచి తెలిస్తే అందరూ ఒకేరోజు గుమ్మంలో ఉంటారు.

ఇక సరుకు. చెప్పుల దుకాణం చివరికి వచ్చేసరికి నడిమి సైజులు ముందు పోతాయి, చిన్నవీ పెద్దవీ మిగులుతాయి. మగవాళ్లలో 8, 9 లేవని నువ్వే అన్నావు. అలాంటప్పుడు 'అన్ని సైజులూ' అని ఎలా రాస్తావు? వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన రెండు బస్సులు మారి వచ్చి వట్టి చేతులతో వెళ్లాలా? 70 శాతం తగ్గింపు అద్దాల అరలో ఎండకు రంగు వెలిసిన తొమ్మిది జతలకే కదా. ధర చూపి రప్పించి సరుకు లేదనడం 2022 జూన్‌లో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాల ప్రకారం తప్పే. సరుకు తక్కువగా ఉంటే ఆ మాట ప్రకటనలోనే చెప్పాలి. 'స్టాక్ ఉన్నంత వరకే' అంటే వచ్చేవాళ్లకు ఏం తెలుస్తుంది? అంకె వెయ్యి. నువ్వు చెప్పిన లెక్కతో నేను ఇలా రాశాను:

'ఈ నెల 30న దుకాణం మూసేస్తున్నాం. అద్దెకు తగ్గ అమ్మకం లేదు. మిగిలినవి 212 జతలు: పిల్లలవి 96, ఆడవాళ్లవి 84, మగవాళ్లవి 32. మగవాళ్లలో 8, 9 సైజులు లేవు. మేము ఇన్నాళ్లూ అమ్మిన ధరలో సగం. వీటిలో రంగు వెలిసిన 9 జతలకు మాత్రం 70 శాతం తగ్గింపు. మార్చుకోవడం 28 వరకే. సైజు ఉందో లేదో ఫోను చేసి రండి.'

రోజూ రాత్రి దుకాణం కట్టేశాక ఆ అంకెలు దిద్ది, తేదీ వేసి ప్రకటన ఫోనులో అందరికీ మళ్లీ పంపు. కొత్త సరుకు ఒక్క జత కూడా తెచ్చి కలపవద్దు, ఎవరు చవకగా ఇస్తానన్నా సరే. గుమ్మం మీది బ్యానరులో కన్నడం పైన, పెద్ద అక్షరాలతో ఉండాలి.

212 అన్నది పెట్టెలు చూసి వేసిన లెక్కేనా? నాకు అదే బెంగ. పెట్టె మీద 7 అని ఉండి లోపల ఒక కాలు 7, ఇంకో కాలు 8 ఉన్నవి నా దుకాణంలో ఆఖరున పదకొండు జతలు తేలాయి. ప్రతి పెట్టె తెరవాలి. ఒకరు అడుగున సైజు చదవాలి, ఇంకొకరు రాయాలి. శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. అంతవరకు బ్యానరు అచ్చుకు ఇవ్వవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న