తిరిగొచ్చిన పార్సిళ్లను ముందు విప్పి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఏడాదిగా పాత పుస్తకాలు కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. గది నిండా పుస్తకాలే. పోయిన నెల 60 అమ్మితే 9 తిరిగొచ్చాయి. అయినా చదువు ఆపేసి ఇదే పూర్తిగా చేస్తానంటున్నాడు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నామోషీగా ఉంది. ఉద్యోగమా, ఈ వ్యాపారమా, ఏది మేలో పోల్చి చెప్పండి. (ఒక తల్లి)

జవాబు:

అమ్మా, మీ అబ్బాయి చేతులారా బతుకు పాడుచేసుకుంటున్నాడేమోనన్న టెన్షన్ మీ మాటల్లో కనిపిస్తోంది. అంత భయం అక్కర్లేదు. చదువుకునే వయసులో 60 మంది కొనేవాళ్లను సంపాదించుకున్న పిల్లాడికి పని చేతనవును. అయితే ‘నామోషీ’ అన్నారు చూడండి, అది మాత్రం నాకు నచ్చలేదు. మీరు సిగ్గుపడుతున్నారని తెలిస్తే అతను లెక్కలు మీ ముందు పెట్టడు. నష్టం వచ్చినా దాచుకుంటాడు. ఈ వ్యాపారంలో అసలు ప్రమాదం అదే, ఎందుకంటే ఇక్కడ నష్టం పైకి కనిపించదు.

ఎలాగో చెబుతాను. కొత్త పుస్తకం ధర 100 అనుకోండి. శుభ్రంగా ఉన్న పాత ప్రతిని 55కి అమ్మాడు. అందులో వెబ్‌సైటు కమిషన్ 8, కొరియర్ 15, ప్యాకింగ్ 4, పుస్తకం కొన్నందుకు 10 పోతే మిగిలేది 18. ఈ అంకెలు మీవాడి దగ్గర వేరుగా ఉండొచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. అదే పుస్తకం తిరిగొస్తే 55 వెనక్కిచ్చేయాలి. పోను 15, రాను 15, ప్యాకింగ్ 4, మొత్తం 34 చేతి నుంచి పోతుంది. అంటే ఒక్క రిటర్న్ దాదాపు రెండు అమ్మకాల లాభాన్ని మింగేస్తుంది. దారిలో మూల నలిగి వచ్చిందా, దాన్ని మళ్లీ 55కి ఎవరూ కొనరు. ఈ లెక్కన 51 పుస్తకాల మీద వచ్చిన లాభంలో మూడో వంతు ఆ తొమ్మిదింటికే పోయింది.

అందుకే పోలిక కంటే ముందు ఆ తొమ్మిది పార్సిళ్లనూ అబ్బాయితో కలిసి కూర్చుని విప్పండి. రెండు కుప్పలు చేయండి. మూలలు నలిగినవి, అట్ట చిరిగినవి, తడిసినవి ఒక పక్క. పుస్తకం బాగానే ఉన్నా ‘ఫొటోలో ఉన్నట్టు లేదు, లోపల గీతలున్నాయి, పాత ఎడిషన్ పంపారు’ అని వచ్చినవి ఇంకో పక్క.

మొదటి కుప్ప పెద్దదైతే తప్పు ప్యాకింగ్‌లో ఉంది. అది వారంలో దిద్దుకోగలిగింది. పార్సిల్ మూల మీద పడొచ్చు, పుస్తకంలో బలహీనమైన చోటూ మూలే. ముందు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టాలి, తడి తగలకుండా. దాని మీద ఒక చుట్టు బబుల్ ర్యాప్. తర్వాత పైనా కిందా గట్టి అట్టముక్కలు, పుస్తకం కంటే నాలుగు వైపులా ఒక సెంటీమీటరు పెద్దవి. కింద పడితే దెబ్బ ఆ అట్ట అంచుకు తగులుతుంది, పుస్తకం దాకా రాదు. అన్నీ కలిపి బిగించాక ఊపి చూడాలి. లోపల కదిలితే మళ్లీ కట్టాల్సిందే. టేపు పుస్తకానికి అంటకూడదు. రబ్బరు బ్యాండు వేయకూడదు, అది అంచుల్లో గాటు పెడుతుంది. బరువైన హార్డ్‌బౌండ్ అయితే కవరులో కాదు, పెట్టెలోనే వెళ్లాలి. నమ్మకం కుదరకపోతే అమ్ముడుపోని పుస్తకం ఒకటి ఇలాగే కట్టి, నడుము ఎత్తు నుంచి మూల మీద పడేలా వదిలి, విప్పి చూడమనండి.

నాకు అనుమానం రెండో కుప్ప మీద. పేపర్‌బ్యాక్ పాఠ్యపుస్తకం ఒకటి తీసుకోండి. వెన్ను మీద ఒక మడత, మొదటి పేజీలో ఎవరిదో పేరు, రెండు అధ్యాయాల్లో పెన్సిల్ గీతలు. ఆన్‌లైన్‌లో కండిషన్‌కి మామూలుగా ఉండే మెట్లు ‘కొత్తదిలా ఉంది, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు’ అనేవి. నిజాయతీగా చూస్తే ఈ పుస్తకం ‘బాగుంది’ దగ్గర ఆగుతుంది, ధర 40. ధరతో పాటు కమిషన్ 6కి తగ్గినా, ఖర్చులన్నీ పోను మిగిలేది 5. ‘చాలా బాగుంది’ అని రాస్తే 18. అమ్మేవాడి చేయి ఏ మెట్టు వైపు లాగుతుందో మీకే తెలుస్తుంది. కొన్నవాళ్లు గీతలు చూసి తిప్పి పంపుతారు. రెండు మెట్ల మధ్య ఊగుతుంటే కింది మెట్టే రాయాలి. ‘మూడు, నాలుగు అధ్యాయాల్లో పెన్సిల్ గీతలు’ అని మాటల్లో చెప్పి, ఆ పేజీ ఫొటో పెట్టాలి. తెలిసి కొన్నవాళ్లు తిప్పి పంపడం అరుదు.

మరి 5 మిగిలితే బతికేదెలా అంటాడు. అక్కడే అసలు విషయం ఉంది. లాభం అమ్మేటప్పుడు కాదు, కొనేటప్పుడే తేలిపోతుంది. 40 పుస్తకాల కట్ట 250కి వచ్చిందంటే ఒక్కోటి ఆరే కదా అనిపిస్తుంది. అందులో అమ్మగలిగినవి 25 అయితే ఒక్కోటి పదికి పడినట్టు. ‘పర్వాలేదు’ మెట్టు పుస్తకం 25కి అమ్మితే ఆ పదిలో కూడా నష్టమే. కాబట్టి చదువు ముగించిన విద్యార్థులు, ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, లైబ్రరీలు తీసేసేవి, తూకానికి అమ్మేవాళ్లు, ఎక్కడ కొన్నా కట్ట విప్పి చూసి కొనాలి. బూజు వాసన వస్తే ఉచితంగా ఇచ్చినా వద్దు. దాన్ని మిగతావాటి పక్కన పెడితే అవీ చెడతాయి. లోపలి పేజీలో ఎడిషన్ చూసుకోవాలి, పుస్తకం వెనక ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కొట్టి వెతకాలి. కొత్త ఎడిషన్ వచ్చిందంటే పాఠ్యపుస్తకం విలువ చాలా పడిపోతుంది. ఎంతకి అమ్మకానికి పెట్టారో కాదు, ఎంతకి అమ్ముడయ్యాయో చూడాలి. గది నిండిందని రాశారు కాబట్టి అడుగుతున్నాను, ఆరు నెలలుగా కదలనివి ఎన్ని? ఇంతకాలంలో ఒక్కసారైనా కూర్చుని అడిగారా మీరు?

ఇక చదువు ఆపే మాట. నేను ఒప్పుకోను. ‘ఇంట్లో కూర్చుని పాత పుస్తకాలతో సంపాదన’ అని వీడియోల్లో చూపించేది అమ్మిన ధర, మిగిలింది కాదు. ప్రతి పాత పుస్తకాన్నీ విడిగా తిరగేయాలి, ఫొటో తీయాలి, ధర కట్టాలి, ప్యాక్ చేయాలి. వంద అమ్మితే వంద సార్లు ఆ పనే. రెట్టింపు సంపాదించాలంటే దాదాపు రెట్టింపు గంటలు పెట్టాలి, లేదా మనిషిని పెట్టుకోవాలి. మిగిలే 18లో మనిషికి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ వ్యాపారం నేర్పిస్తామంటూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పని కోర్సుకు డబ్బు కట్టనివ్వకండి.

ఉద్యోగంతో పోలిక అంటారా, డిగ్రీ పూర్తయ్యాక చేయాల్సింది అది. ఈలోపు అతను నేర్చుకుంటున్న సరుకు ఎంపిక, ధర కట్టడం, రిటర్న్స్ తగ్గించడం ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల్లోనూ, గోడౌన్ పనుల్లోనూ పనికొచ్చేవే. ఇప్పటికైతే గదిలో ఉన్నది సగం తగ్గేదాకా కొత్త కట్ట కొనొద్దనండి. ప్రతి పుస్తకానికీ కొన్న ధర, రాసిన కండిషన్, అమ్మిన ధర, తిరిగొచ్చిందా లేదా, వస్తే ఎందుకు, ఒక నోటుపుస్తకంలో రాయమనండి. సెమిస్టర్ పరీక్షలయ్యాక ఆ నోటుపుస్తకం పట్టుకుని ఇద్దరూ కలిసి రండి. దాన్ని చూశాకే ఏది మేలో మాట్లాడదాం.